మన పేరు జనం నోళ్లలో నానుతోందా? సర్వే లేకుండా కట్టుకునే లెక్క

తిరుపతిలో చిన్న, మధ్యతరహా షాపుల ప్రకటనలు చూసే పనిలో నేను ఎక్కువగా విన్న ప్రశ్న ఇది. "అన్నా, ఆర్నెల్లుగా హోర్డింగులకి డబ్బు పోస్తానే ఉన్నాం. మన పేరు జనానికి తెలిసిందా, లేదా?" అడిగేవాళ్ల బాధ నిజమైనది. అమ్మకాలు చూసి జవాబు చెప్పలేం. ముహూర్తాలు ఎక్కువ ఉన్న నెలలో ఎవరైనా అమ్ముతారు, మూఢం వస్తే ఎవరికైనా గల్లా ఖాళీగానే ఉంటుంది. పేరు తెలియడం వేరు, కొనడం వేరు.

పెద్ద కంపెనీలైతే దీనికి సర్వే చేయిస్తాయి. "పట్టుచీరలు అనగానే ఏ షాపు గుర్తొస్తుంది?" అని అడిగి, చెప్పకుండానే మన పేరు ఎంతమంది నోట వచ్చిందో లెక్కేస్తారు. పని పద్ధతైనదే, కానీ ఖర్చు మన ఊరి షాపు మోసేది కాదు. నాలుగు వందల మందిని ఇంటికెళ్లి అడగాలి. ఒక్కొక్కరికి రెండు వందల యాభై రూపాయలు వేసుకున్నా లక్ష అవుతుంది. ఒకసారి చేస్తే చాలదు, మార్పు తెలియాలంటే మళ్లీ చేయాలి. అంత పెట్టినా, మన పేరు నూటికి ఇరవై మందికి తెలుసని తేలితే, ఆ ఇరవైకి అటూ ఇటూ దాదాపు నాలుగు పాయింట్ల తేడా ఉండొచ్చు. రెండు సర్వేలను పక్కపక్కన పెట్టినప్పుడు మార్పు ఐదున్నర పాయింట్లు దాటితే గానీ అది నిజమైన మార్పని గట్టిగా చెప్పలేం. ఆర్నెల్ల హోర్డింగుతో షాపు పేరు రెండు మూడు పాయింట్లే కదిలిందనుకోండి. అంటే రెండు లక్షలు పెట్టి కూడా, మనం వెతికే మార్పు కనబడకపోవచ్చు.

అందుకే దగ్గరి దారులు వెతుకుతారు. వాటిలో రెండు పనికొస్తాయి. ఒకటి షేర్ ఆఫ్ వాయిస్, అంటే ఊళ్లో మన రకం వ్యాపారం తరఫున వినబడే మొత్తం ప్రకటనల గోలలో మన గొంతు ఎంత అన్నది. రెండోది బ్రాండ్ సెర్చ్, అంటే మన పేరు పెట్టి గూగుల్‌లో ఎంతమంది వెతుకుతున్నారన్నది. మొదటిది మనం ఊరి చెవిలో వేసిన మాట, రెండోది ఊరు తిరిగి పలికిన మాట. ఏ ఒక్కదాన్నీ విడిగా నమ్మొద్దని, రెండింటినీ ఒకే పోటీదారుల జాబితా మీద, నెలనెలా కొలిచి పక్కపక్కన పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ఒక పట్టుచీరల షాపు లెక్క తీసుకుందాం. కింద వచ్చే రూపాయలు, సెర్చ్ అంకెలు తేలిగ్గా అర్థం కావడానికి నేను గుండ్రంగా వేసుకున్నవి. పద్ధతి మాత్రం అసలైనదే.

గొంతు లెక్క

షేర్ ఆఫ్ వాయిస్ అసలు నిర్వచనం ఖర్చు మీదే ఉంది. ఆ రంగంలో అందరూ ప్రకటనలకి పెట్టిన మొత్తంలో మనం పెట్టింది ఎంత శాతమన్నదే ఆ కొలత. ప్రకటనల ప్రొఫెసర్ జాన్ ఫిలిప్ జోన్స్ 1990లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం దీనికి బాగా పేరు తెచ్చింది. మార్కెట్లో తమ వాటాకంటే గొంతు వాటా ఎక్కువగా ఉన్న బ్రాండ్లు పెరిగే వైపు, తక్కువగా ఉన్నవి తగ్గే వైపు ఉంటాయన్నది ఆ ఆలోచన. తర్వాత ప్రకటనల పరిశోధకులు లెస్ బినే, పీటర్ ఫీల్డ్ దీన్ని పెద్ద బ్రాండ్ల సమాచారంతో ముందుకు తీసుకెళ్లారు. గొంతు వాటా మార్కెట్ వాటాను పది పాయింట్లు మించితే, ఏడాదికి సగటున అర పాయింటు మార్కెట్ వాటా పెరుగుతుందని వాళ్లు చెప్పిన సూత్రం చాలామంది వాడతారు. ఆ అంకెను తిరుపతి షాపుకి అతికించకండి. అది పెద్ద బ్రాండ్ల సగటు. మనం తీసుకోవాల్సింది దిశ ఒక్కటే.

పోటీ షాపు ఎంత పెట్టిందో మనకి ఎవరూ చెప్పరు. కానీ ప్రకటన కంటికి కనబడుతుంది కాబట్టి లెక్కపెట్టొచ్చు. నెలలో ఒకే రోజు, ఒకే దారిలో బండి మీద తిరగండి. అన్నమయ్య సర్కిల్, లీలామహల్ సర్కిల్, ఎయిర్ బైపాస్ రోడ్డు, కరకంబాడి రోడ్డు, తిరుచానూరు రోడ్డు, బస్టాండు, అలిపిరి. పట్టుచీరల హోర్డింగు ప్రతిదాన్నీ ఫోన్‌లో ఫొటో తీయండి. దారి మాత్రం మార్చకండి, మారిస్తే ఈ నెల లెక్కకి పోయిన నెల లెక్కతో పోలిక పోతుంది. పేపర్ల జిల్లా ఎడిషన్లలో వచ్చిన ప్రకటనలను చదరపు సెంటీమీటర్లలో కొలవండి. ఎఫ్‌ఎం, లోకల్ కేబుల్‌లో వారానికి రెండు మూడు గంటలు, ప్రతిసారీ అవే గంటలు, ఎవరి ప్రకటన ఎన్నిసార్లు వచ్చిందో రాసుకోండి. తర్వాత అన్నింటినీ రేటు కార్డు ధరతో రూపాయల్లోకి మార్చండి. ఎవరికి ఎంత డిస్కౌంటు వచ్చిందో మనకి తెలియకపోయినా, అందరికీ ఒకే రేటు వేశాం కాబట్టి వాటా పెద్దగా తప్పదు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు మెటా యాడ్ లైబ్రరీలో ఎవరైనా చూడొచ్చు. కానీ మన దేశంలో మామూలు వ్యాపార ప్రకటనలకి అక్కడ ఖర్చు గానీ, ఎంతమంది చూశారన్నది గానీ చూపించరు. రాజకీయ, సామాజిక అంశాల ప్రకటనలకే ఆ వివరాలుంటాయి. కాబట్టి ఎవరివి ఎన్ని ప్రకటనలు నడుస్తున్నాయో విడిగా రాసి పెట్టుకోవడం మేలు. లేని ఖర్చును ఊహించి రూపాయల లెక్కలో కలిపితే మొత్తం లెక్కే పాడవుతుంది.

మన ఉదాహరణలో శ్రావణ మాసం లెక్క ఇలా వచ్చిందనుకుందాం. ఊరు మొత్తం మీద 31 హోర్డింగులు, ఒక్కోదానికి నెలకి 20 వేలు, అంటే 6 లక్షల 20 వేలు. పేపర్లలో 2 లక్షల 80 వేలు, రేడియో, కేబుల్ కలిపి లక్ష. మొత్తం 10 లక్షలు. అందులో మన షాపువి 4 హోర్డింగులు 80 వేలు, పేపర్ 40 వేలు, రేడియో, కేబుల్ 30 వేలు. మొత్తం లక్షన్నర. గొంతు వాటా 15 శాతం.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. తిరుపతిలో మాత్రం ఆగకూడదు, ఎందుకంటే ఈ ఊళ్లో రోడ్డు మీద కనబడే కళ్లలో చాలా ఈ ఊరివి కావు. అలిపిరి దారిలో, బస్టాండు ముందు ఉన్న హోర్డింగును రోజూ చూసేది దర్శనానికి వచ్చి రేపు వెళ్లిపోయేవాళ్లు. దారిలో ఒక చీర కొనొచ్చేమో గానీ, పెళ్లి పట్టుచీరల కోసం మళ్లీ ఇక్కడికి రారు. మన షాపు బతికేది తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు, చంద్రగిరి వైపు పెళ్లిళ్ల మీద. అందుకని 31లో యాత్రికుల దారిలో ఉన్న తొమ్మిదింటిని తీసేశాం. వాటిలో రెండు మనవే. మిగిలిన లెక్కలో మొత్తం 8 లక్షల 20 వేలు, మనది లక్షా పది వేలు. అంటే 13.4 శాతం. మనకి అవసరమైన చెవుల్లో మన గొంతు 15 కాదు, 13.4 శాతమే. ఇంత చిన్న సవరణ తర్వాత ఎంత పని చేసిందో చివర్లో చెప్తాను.

పేరు పెట్టి వెతికేవాళ్లు

ఇప్పుడు రెండో సగం. ఒక షాపు పేరు కొట్టి వెతికే మనిషికి ఆ పేరు ముందే తెలిసి ఉండాలి. "తిరుపతిలో పట్టుచీరల షాపులు" అని వెతికితే లెక్కలోకి రాదు, అది అవసరం మాత్రమే. పేరుతో వెతికితేనే అది జ్ఞాపకం. 2020లో లెస్ బినే ఈ ఆలోచనను కార్లు, విద్యుత్తు-గ్యాస్, మొబైల్ ఫోన్ల రంగాల్లో పరీక్షించి చూపించాడు. ఒక రంగంలోని బ్రాండ్లన్నింటి పేరు సెర్చ్‌లలో ఒక్కో బ్రాండు వాటా, దాని మార్కెట్ వాటాతో దగ్గరగా నడుస్తుందని, కొన్నిచోట్ల ముందే కదులుతుందని తేలింది. దీన్ని షేర్ ఆఫ్ సెర్చ్ అంటున్నారు.

అంకెలు ఎక్కడ దొరుకుతాయన్నదే అసలు చిక్కు. గూగుల్ ట్రెండ్స్ అందరికీ మొదట గుర్తొస్తుంది. అది అసలు సంఖ్య ఇవ్వదు, ఎంచుకున్న కాలంలో గరిష్ఠాన్ని 100 అనుకుని మిగతావన్నీ దానితో పోల్చి చూపిస్తుంది. సెర్చ్‌లు తక్కువగా ఉంటే సున్నా చూపిస్తుంది. ఊరి షాపుకి వచ్చేవి ఎక్కువ సున్నాలే. సున్నా చూసి "మనల్ని ఎవరూ వెతకడం లేదు" అని కంగారు పడొద్దు. రంగం మొత్తం ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడు పడుతుందన్నది చూడటానికి ట్రెండ్స్ వాడండి, అంతే.

గూగుల్ యాడ్స్‌లోని కీవర్డ్ ప్లానర్‌లో తిరుపతి అని ప్రాంతం పెట్టి, మన పేరు, పోటీ షాపుల పేర్లు ఇస్తే నెలవారీ సెర్చ్‌లు చూపిస్తుంది. ప్రకటనల ఖర్చు లేని ఖాతాకి మాత్రం వంద నుంచి వెయ్యి, వెయ్యి నుంచి పదివేలు అని వెడల్పాటి మెట్లే వస్తాయి. అందరూ ఒకే మెట్టు మీద ఉంటే వాటా కట్టలేం. ఖాతాలో కొంత ప్రకటన నడుస్తుంటే వివరమైన అంకెలు వస్తాయి.

మన సొంత పేరుకైతే ఇంకా నమ్మకమైన దారి ఒకటుంది. గూగుల్‌లో మన పేరు మీదే, ఎగ్జాక్ట్ మ్యాచ్‌తో, అంటే దాదాపు ఆ పేరే కొట్టినప్పుడు వచ్చేలా, తిరుపతిలో ఉన్నవాళ్లకి మాత్రమే కనబడేలా చిన్న ప్రకటన నడపండి. నెల చివర ఎన్నిసార్లు కనబడిందో దాన్ని ఇంప్రెషన్ షేర్‌తో, అంటే కనబడే వీలున్న సార్లలో నిజంగా కనబడిన శాతంతో భాగించండి. 540 సార్లు కనబడి, ఇంప్రెషన్ షేర్ 90 శాతమైతే, ఆ పేరుతో వచ్చిన సెర్చ్‌లు దాదాపు 600. ప్రకటన ఆపేసిన రోజులుంటే ఈ లెక్క తప్పుతుంది, కాబట్టి నెలంతా ఆగకుండా నడవాలి.

వెబ్‌సైటు ఉంటే, ఏ మాటలు వెతికితే మన సైటు కనబడిందో చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్ కూడా ఉచితంగా 16 నెలల వెనకటి లెక్క ఇస్తుంది. అందులో దేశం వరకే విడదీయగలం, ఊరు విడిగా రాదు. ఇక మన తిరుపతికే ప్రత్యేకమైన తలనొప్పి పేర్లు. ఇక్కడ బాలాజీ, శ్రీనివాస, పద్మావతి, వెంకటేశ్వర లేని వీధి లేదు. షాపు పేరులో పద్మావతి ఉందనుకోండి, ఒట్టి "పద్మావతి" సెర్చ్‌లు లెక్కేస్తే తిరుచానూరు అమ్మవారి గుడి సమయాలు అడిగినవాళ్లంతా మన ఖాతాలోకి వస్తారు. పేరు పక్కన వ్యాపారం మాట ఉన్నవాటినే లెక్కలోకి తీసుకోవాలి. సెర్చ్ కన్సోల్‌లో వెతికిన మాటల ఫిల్టరుకి రెగెక్స్, అంటే అక్షరాల నమూనా, ఎంచుకుని ఇలాంటిది పెట్టొచ్చు:

```
padmavath?i.*(silk|saree|pattu)|పద్మావతి.*(సిల్క్|పట్టు|చీర)
```

స్పెల్లింగు రెండు రకాలుగా, లిపి రెండు రకాలుగా ఉండటం గమనించండి. ఫోన్‌లో తెలుగు భాష పెట్టుకుని మాట్లాడి వెతికేవాళ్లవి తెలుగు లిపిలో వస్తాయి. వాటిని వదిలేస్తే వాళ్లంతా లెక్కలోంచి జారిపోతారు.

పేరుతో వెతికినా జ్ఞాపకం కాని సెర్చ్‌లు కొన్ని ఉంటాయి. "లక్కీ డ్రా ఫలితాలు", "ఉద్యోగాలు", "కస్టమర్ కేర్ నంబర్" లాంటివి. లక్కీ డ్రా తీసిన వారం సెర్చ్‌లు మూడింతలైతే అది పేరు పాకడం కాదు, కూపన్లు చేతిలో ఉన్నవాళ్ల ఆత్రం. వాటిని విడిగా పక్కన పెట్టండి.

ముహూర్తాల పోటు

అన్నిటికంటే ఎక్కువమందిని మోసం చేసేది సీజన్. మన ఉదాహరణలో ఆషాఢంలో మన పేరుతో 400 సెర్చ్‌లు, శ్రావణంలో 720 వచ్చాయనుకోండి. యజమానికి సంతోషం, నెలలో ఎనభై శాతం పెరిగింది కదా. కానీ అదే జాబితాలోని షాపులన్నింటి పేర్లూ కలిపి చూస్తే ఆషాఢంలో 3,000, శ్రావణంలో 6,000. మన వాటా 13.3 నుంచి 12కి పడింది. పెళ్లిళ్లు, వరలక్ష్మీ వ్రతం వచ్చి అందరి సెర్చ్‌లూ రెట్టింపయ్యాయి, మనవి అంత పెరగలేదు. ఒట్టి సంఖ్య చూస్తే పండగ, వాటా చూస్తే వెనకబాటు. వాటా కట్టకుండా సెర్చ్ సంఖ్యను ఎవరికీ చూపించొద్దని చెప్పడానికి కారణం ఇదే.

పోయిన ఏడాది ఇదే నెలతో పోలిస్తే సరిపోతుంది కదా అంటారు. మన పంచాంగం దానికి ఒప్పుకోదు. 2023లో అధిక శ్రావణం వచ్చి, జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా శుభకార్యాలు ఆగిపోయాయి. ఆ ఆగస్టును 2022 ఆగస్టుతో పోల్చినవాళ్లకి షాపు కుప్పకూలినట్టు కనబడుతుంది. ఇంగ్లిష్ నెలలతో కాకుండా శ్రావణాన్ని నిజ శ్రావణంతో, మాఘాన్ని మాఘంతో పోల్చుకోవాలి. మూఢం వారాలను విడిగా గుర్తు పెట్టుకోవాలి.

ఆ మూఢం వారాలంటే నాకు ఒక రకమైన ఇష్టం. పెళ్లిళ్లు లేవు, డిస్కౌంట్ల హడావిడి లేదు. అప్పుడు కూడా మన పేరు వెతికేవాళ్లు ఉన్నారంటే అది నిన్నటి పేపర్ ప్రకటన చూసి కాదు, మనసులో నిలిచిన పేరు కాబట్టి. పూర్తి పేజీ ప్రకటన వేసిన మర్నాడు సెర్చ్‌లు ఎగిరి వారంలో మామూలుకి వస్తాయి. ఆ ఎగురుడు ప్రకటనకి వచ్చిన స్పందన. అది దిగాక మిగిలే అడుగు మట్టం ఏటేటా పెరుగుతోందా అన్నదే పేరు ఎంత తెలిసిందన్నదానికి దగ్గరి కొలత.

పోటీదారుల జాబితా విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. పెళ్లి చీరలకి తిరుపతివాళ్లు కంచికీ, చెన్నైకీ వెళ్లడం ఎప్పటి నుంచో ఉన్నదే. ఊళ్లోని షాపుల్ని మాత్రమే జాబితాలో పెట్టుకుంటే మన వాటా ఉన్నదానికంటే పెద్దగా కనబడుతుంది. తిరుపతి నుంచి వెతికే బయటి పేర్లు కూడా చేర్చాలి. చేర్చాక ఏడాది పాటు జాబితా ముట్టుకోకూడదు.

రెండు లెక్కలూ కలిపి చూస్తే

మన షాపు గొంతు లెక్కలో తేలిన 13.4 శాతం చూశాక, యాత్రికుల దారిలోని రెండు హోర్డింగులను కరకంబాడి రోడ్డుకీ, తిరుచానూరు రోడ్డుకీ మార్చిందనుకుందాం. ఖర్చు అదే లక్షన్నర. మనకి కావాల్సిన చెవుల మొత్తం 8 లక్షల 60 వేలైంది, గొంతు వాటా 17.4 శాతానికి పెరిగింది. ఒక్క రూపాయి అదనంగా పెట్టలేదు. సెర్చ్ వాటా శ్రావణంలో 12, కార్తీకంలో 12.5, మాఘంలో 14. ముందు గొంతు పెరిగింది, కొన్ని నెలల తర్వాత పలుకు పెరిగింది, రెండు సీజన్లు దాటినా దిగలేదు. ఈ మూడూ కలిసినప్పుడు పేరు పాకుతోందని చెప్పడానికి నాకు సందేహం ఉండదు.

గొంతు పెరిగి మూడు నాలుగు నెలలైనా సెర్చ్ వాటా కదలకపోతే ముందు ప్రకటన బొమ్మనే చూడండి. చాలా హోర్డింగుల్లో హీరోయిన్ ముఖం గుర్తుంటుంది, షాపు పేరు కింద మూలన ఉంటుంది. అలాంటి ప్రకటన పట్టుచీరల మీద ఆశ పెంచుతుంది, ఆ ఆశ ఊళ్లో అందరికంటే పేరున్న షాపుకి పోతుంది. దీనికి భిన్నంగా, మనం గొంతు పెంచకుండానే సెర్చ్ పెరిగితే సంతోషపడే ముందు పేరు పక్కన ఏ మాటలు వస్తున్నాయో చూడాలి. ఎవరో చేసిన రీల్ కావొచ్చు, రంగు పోయిన చీర మీద గొడవ కావొచ్చు. చెడ్డ పేరు కూడా వెతికిస్తుంది.

ఈ రెండు లెక్కలూ చెప్పలేనిది ఒకటుంది. నూటికి ఎంతమందికి మన పేరు తెలుసన్నది వీటిలోంచి ఎప్పటికీ రాదు. రోజూ మన షాపు ముందు నుంచి నడిచి వెళ్లే మనిషికి గూగుల్ అక్కర్లేదు. ఇరవై ఏళ్లుగా మన దగ్గరే కొనే అమ్మ నేరుగా ఫోన్ చేస్తుంది. పాత షాపుల పేరు సెర్చ్‌లలో తక్కువగా, కొత్త షాపులది ఎక్కువగా కనబడటానికి ఇదొక కారణం. కాబట్టి షాపుకీ షాపుకీ మధ్య పోలికకంటే, మన వాటా నిన్నటికీ నేటికీ ఎలా మారిందన్న పోలికే గట్టిది.

ఏడాదికి ఒకసారి ఈ లెక్కను మనుషులతో సరిచూసుకోవాలి. బిల్లు కౌంటర్ దగ్గర అడగొద్దు, అక్కడికి వచ్చినవాళ్లందరికీ మన పేరు తెలిసే ఉంటుంది. పెళ్లి పత్రికలు అచ్చువేసే షాపు దగ్గర, యజమాని అనుమతితో, పత్రికలకి వచ్చినవాళ్లను అరవై మందిని ఒకే ప్రశ్న అడగండి. "పట్టుచీరలకి ఏ షాపులు గుర్తొస్తాయండీ?" మన పేరు చెప్పకూడదు, వాళ్లు చెప్పిన వరుస చెప్పినట్టు రాసుకోవాలి. అరవై మందితో వచ్చే శాతానికి అటూ ఇటూ 13 పాయింట్ల దాకా తేడా ఉండొచ్చు కాబట్టి ఆ శాతాన్ని పట్టించుకోవద్దు. వాళ్ల నోట మొదట వచ్చిన షాపుల వరుస, మన సెర్చ్ వాటాల వరుస ఒకేలా ఉన్నాయా అన్నది మాత్రం చూడండి. ఉంటే మిగతా పదకొండు నెలలూ సెర్చ్ లెక్కను నమ్ముకోవచ్చు. వాళ్ల నోట రెండోదిగా వచ్చిన షాపు మన జాబితాలోనే లేదని తేలితే, జాబితా మళ్లీ రాసి, పాత నెలల వాటాలన్నీ కొత్త జాబితాతో తిరిగి కట్టుకోవాలి.